మంత్రి వదిలేసి వెళ్ళిన గడులు: గుర్రం ఫోర్క్ చూడలేని ఒక కుర్రాడి కేసు

చెస్ నేర్పడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి ఫోర్క్ అంటే ఏమిటో తెలుసు. ఒక గుర్రం ఒకేసారి రెండు పావుల మీద పడటమే ఫోర్క్ అని గబగబా చెప్పేస్తారు. కానీ బోర్డు నిండా పావులు ఉన్నప్పుడు అదే ఫోర్క్ కళ్ళ ముందున్నా కనపడదు. ఈ కేసు అలాంటి ఒక కుర్రాడిది. ఊరు, పేరు, టోర్నీ వివరాలు తీసేశాను. ఎత్తులు మాత్రం అతని స్కోర్‌షీట్ మీద ఉన్నట్టే ఇస్తున్నాను. పావుల పేర్లలో బిషప్‌ని ఒంటె అన్నాను. శకటు అనే అలవాటున్నవాళ్ళు అలాగే చదువుకోవచ్చు.

నేపథ్యం

వయసు పదకొండేళ్ళు, ఆడటం మొదలుపెట్టి మూడేళ్ళు. ఓపెనింగ్‌లు బాగానే గుర్తుంటాయి. ఎండ్‌గేమ్‌లో రాజూ బంటూ ఆటల్లో తోటి పిల్లలకంటే ముందున్నాడు. ఫోన్‌లో రోజూ పజిల్స్ చేస్తాడు, గుర్రం ఫోర్క్ పజిల్ అయితే పది సెకన్లలో తేల్చేస్తాడు. అయినా వాళ్ళ నాన్నగారు తెచ్చిన స్కోర్‌షీట్లు తిరగేస్తుంటే ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ కనపడింది. పావులు పెద్దగా మార్పిడి కాకముందు వచ్చిన ఫోర్క్‌లన్నీ వదిలేస్తున్నాడు. బోర్డు ఖాళీ అయ్యాక వచ్చేవి మాత్రం పట్టుకుంటున్నాడు.

ఆ షీట్లలో ఒకదాన్ని పట్టుకుని కూర్చున్నాం. అతను తెల్లపావులతో ఆడిన ఫోర్ నైట్స్ గేమ్ అది.

```
1.e4 e5 2.Nf3 Nc6 3.Nc3 Nf6 4.Bb5 Bc5
5.O-O O-O 6.d3 d6 7.Bg5 h6 8.Bxf6 Qxf6
9.Kh1 Qg6
```

ఈ క్షణానికి బోర్డు మీద ముప్ఫై పావులున్నాయి. పోయింది తెల్ల ఒంటె ఒకటి, నల్ల గుర్రం ఒకటి, అంతే. తొమ్మిదో ఎత్తులో రాజుని h1కి ఎందుకు జరిపావని అడిగాను. c5లో ఉన్న ఒంటె f2 బంటుని రాజుకి కట్టేసిందని, ముందు రాజుని ఆ గీత మీద నుంచి తప్పించి, తర్వాత గుర్రాన్ని జరిపి f4 తోద్దామనుకున్నానని చెప్పాడు. ఆలోచన తప్పు కాదు.

తర్వాత ఏమైందంటే, పదో ఎత్తులో గుర్రాన్ని h4కి వేసి మంత్రిని కొట్టబోయాడు. మంత్రి g5కి వచ్చి ఆ గుర్రాన్నే పట్టుకుంది. గుర్రం f3కి వెనక్కి వచ్చింది, మంత్రి g6కి వెళ్ళింది. అదే పొజిషన్ రెండోసారి వచ్చిందన్నమాట. ఈసారి 12.Bxc6 bxc6 ఆడాడు. ఆ తర్వాత ఆట మెల్లగా జారిపోయింది. రెండు ఒంటెలున్న ప్రత్యర్థి చివరికి గెలిచాడు.

ఈ పొజిషన్‌లో తెల్లకి మంచి అవకాశం ఉంది. అది రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పోయింది.

అసలు సమస్య ఎక్కడుందో వెతకడం

మొదట నేను అనుకున్నది వేరు. ఇతనికి కాపలా లేని పావులు కనపడటం లేదేమో అనుకున్నాను. అందుకే 9...Qg6 తర్వాతి పొజిషన్ బోర్డు మీద పెట్టి, నల్లవాడి పావుల్లో ఎవరూ కాపలా కాయనివి చూపించమన్నాను. రెండు నిమిషాలు పట్టింది కానీ సరిగ్గా చెప్పాడు. a8లో ఏనుగు, c7లో బంటు. ఇంకేమీ లేవు. c6 గుర్రానికి b7 బంటు కాపలా, c5 ఒంటెకి d6 బంటు, c8 ఒంటెకి రెండు ఏనుగులూ, f8 ఏనుగుకి రాజు, g6 మంత్రికి f7 బంటు.

జాబితా సరైనదే, మరి ఫోర్క్ ఎందుకు రాలేదు? అతని మాటల్లోనే జవాబు దొరికింది. "మంత్రికి కాపలా ఉంది కదా సార్, అందుకే దాన్ని లెక్కలో పెట్టలేదు" అన్నాడు.

ఇది చాలామంది పిల్లల్లో ఉండే పొరపాటు, నేర్పేవాళ్ళం మనమే దీన్ని ఎక్కిస్తాం. కాపలా లేని పావుల్ని వెతకమని ఊదరగొడతాం కానీ, కొట్టేది గుర్రమైనప్పుడు మంత్రికీ ఏనుగుకీ ఉన్న కాపలా పనికిరాదని చెప్పడం మరిచిపోతాం. గుర్రాన్ని ఇచ్చి మంత్రిని తీసుకుంటే, ఆ గుర్రాన్ని తిరిగి ఎవరు కొట్టినా లాభం మనదే. రాజు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాపలా ఉందా లేదా అనే ప్రశ్న గుర్రంతో సమానమైన లేదా తక్కువ విలువ ఉన్న వాటికే వర్తిస్తుంది, అంటే ఒంటె, గుర్రం, బంటు.

కాపలా గురించి అసలు అడగాల్సింది ఇంకోచోట ఉంది. గుర్రం వచ్చి దిగే గడికి కాపలా ఉందా? ఇక్కడ e7 చూడండి. అక్కడ తెల్ల గుర్రం దిగితే g8 రాజుకి చెక్, g6 మంత్రి మీద దెబ్బ. ఆ e7కి కాపలా కాసేది c6 గుర్రం ఒక్కటే. f8 ఏనుగు e7ని చూడదు. c5 ఒంటెకి d6లో సొంత బంటే అడ్డం. నిన్నమొన్నటి వరకు ఆ గడిని మంత్రి కూడా చూసేది, ఇప్పుడు చూడటం లేదు.

మేము చేసి వదిలేసినవి

మొదటి ప్రయత్నం మరిన్ని పజిల్స్. మూడు వారాలు చేయించాను, ఆటలో ఏమీ మారలేదు. కారణం తర్వాత తట్టింది. పజిల్ అంటేనే అందులో ఏదో ఉందని ముందే తెలుస్తుంది, పైగా ఫోర్క్ అని శీర్షిక పెట్టి మరీ ఇస్తాం. ఆటలో ఎవరూ భుజం తట్టి ఇప్పుడు చూడు అని చెప్పరు. ఇతనికి లేనిది ఫోర్క్‌ని లెక్కకట్టే శక్తి కాదు, ఎప్పుడు వెతకాలో తెలియడం.

రెండో ప్రయత్నం దానికి పూర్తి వ్యతిరేకం. ప్రతి ఎత్తుకీ ముందు ప్రత్యర్థి పావులన్నింటికీ కాపలా లెక్కపెట్టమన్నాను. రెండు టోర్నీల్లో నిజంగానే చేశాడు పాపం. ఇరవై అయిదు నిమిషాల ఆటలో పద్దెనిమిదో ఎత్తుకే గడియారంలో మూడు నిమిషాలు మిగిలాయి. ఒక ఆటలో గెలిచే పొజిషన్‌లో ఉండి టైమ్ అయిపోయి ఓడాడు. ఆ సలహా నాది, అతను తప్పు చేయలేదు. కిక్కిరిసిన బోర్డు మీద ప్రతిసారీ అన్నీ లెక్కపెట్టడం పెద్ద ఆటగాళ్ళు కూడా చేయరు.

చింతగింజలు

అష్టాచెమ్మా కోసం ఇంట్లో ఉంచిన చింతగింజలు ఒక గుప్పెడు తెచ్చి బోర్డు పక్కన పెట్టాను. నియమం ఒక్కటే. ప్రత్యర్థి పావు కదలగానే, అది కదలకముందు ఏ గడుల్ని చూసేదో, ఇప్పుడు వేటిని చూడటం మానేసిందో చూడాలి. వాటిలో ప్రత్యర్థి సగంలో ఉన్నవీ, కాపలా ఒకటికి మించి మిగలనివీ ఏవైతే ఉంటాయో, వాటి మీద ఒక్కో గింజ పెట్టాలి. బోర్డంతా లెక్కపెట్టక్కర్లేదు, ఇప్పుడు కదిలిన ఒక్క పావు చాలు.

అదే గేమ్‌ని మొదటి నుంచి ఆడించాను. ఎనిమిదో ఎత్తులో మంత్రి d8 నుంచి f6కి వచ్చింది. d8లో ఉన్నప్పుడు c7 బంటుని కాపాడింది, ఇప్పుడు కాపాడటం లేదు. c7 మీద ఒక గింజ. అప్పుడు మంత్రి చూసిన d7, e8లకి కూడా ఇప్పుడు ఒక్కో కాపలాయే మిగిలింది, వాటి మీదా ఒక్కో గింజ. e7 మీద వద్దు, ఎందుకంటే f6 నుంచి కూడా మంత్రి e7ని చూస్తూనే ఉంది, పైగా c6 గుర్రమూ ఉంది. తొమ్మిదో ఎత్తులో మంత్రి f6 నుంచి g6కి జరిగింది. ఇప్పుడు e7 మీద మంత్రి చూపు లేదు, మిగిలింది c6 గుర్రం ఒక్కటే. e7 మీద నాలుగో గింజ.

ఇక్కడ కుర్రాడు చెయ్యి ఆపి బోర్డు మీదకు వంగాడు. నాలుగు గింజల్లో అతని కన్ను రెండింటి మీద ఆగింది, c7, e7. ఆ రెండు గడుల్నీ ఒకేసారి చూడగలిగే గడి ఏది? d5. అతని గుర్రం c3లో ఉంది, d5కి ఒక్క ఎత్తు. "సార్, 10.Nd5" అన్నాడు, అంతకంటే మాటలేమీ రాలేదు.

ఇంకో ప్రశ్న కూడా నేర్పాను, అది రంగుది. గుర్రం ఒకే ఎత్తులో రెండు పావుల మీద పడాలంటే ఆ రెండూ ఒకే రంగు గడుల్లో ఉండాలి. గుర్రం దిగే గడి దానికి వ్యతిరేక రంగులో ఉండాలి. ఈ పొజిషన్‌లో g8 రాజు, g6 మంత్రి, a8 ఏనుగు, c8 ఒంటె, c6 గుర్రం అన్నీ తెల్ల గడుల్లోనే ఉన్నాయి. f8 ఏనుగూ c5 ఒంటే మాత్రమే నల్ల గడుల్లో ఉన్నాయి. పెద్ద పావులు ఇలా ఒకే రంగులో గుమిగూడినప్పుడు గుర్రం మీద ఒక కన్నేసి ఉంచాలి. తెల్ల గడుల్లో ఉన్నవాటిని ఫోర్క్ చేసేది నల్ల గడి నుంచే కాబట్టి, సగం గడులు చూడకుండానే వదిలేయొచ్చు.

దీనికి 1966లో మాస్కోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పదో గేమ్ చూపించాను. పెత్రోస్యాన్ గుర్రం d6లో ఉంది, స్పాస్కీ మంత్రి g5లో, ఏనుగు f7లో, రాజు g8లో. గుర్రం f7 ఏనుగుని కొడితే మంత్రి మీద పడుతుంది, కానీ g8 తెల్ల గడి, g5 నల్ల గడి, కాబట్టి రాజూ మంత్రీ ఒకే దెబ్బకి రారు. అప్పుడు పెత్రోస్యాన్ ముప్ఫయ్యో ఎత్తులో తన మంత్రిని h8లో చెక్ ఇస్తూ బలి ఇచ్చాడు. రాజు దాన్ని కొట్టి h8కి వస్తే అది నల్ల గడి. ఇప్పుడు f7లో దిగిన గుర్రానికి రాజూ మంత్రీ ఇద్దరూ దొరుకుతారు. స్పాస్కీ ఆ ఎత్తు చూసి ఆట వదిలేశాడు. రాజుని రంగు మార్చడమే ఆ బలి పని అని చెప్పినప్పుడు కుర్రాడి ముఖంలో వచ్చిన వెలుగు నాకు ఇంకా గుర్తుంది.

ఏది ముందు, ఏది తర్వాత

d5 కనపడింది సరే. అయితే అతను అసలు ఆటలో రెండోసారి 12.Bxc6 ఎందుకు ఆడాడు? అడిగితే చెప్పాడు. e7కి గుర్రం వెళ్ళొచ్చని అప్పటికి లీలగా అనిపించిందట, c6 గుర్రమే అడ్డం కదా, దాన్ని తీసేద్దామనుకున్నాడట. సగం దూరం సరిగ్గానే వెళ్ళాడు. కానీ ఎత్తుల వరుస తలకిందులైంది.

ఒంటె ముందు c6 గుర్రాన్ని కొడితే b7 బంటు తిరిగి కొట్టి c6కి వస్తుంది. ఆ బంటు d5ని చూస్తుంది. ఇక c3 గుర్రానికి d5 మీదుగా e7కి దారి మూసుకుపోయింది. వెళితే బంటు కొట్టేస్తుంది. అదే గుర్రం ముందు d5కి వచ్చి, ఆ తర్వాత ఒంటె c6లో కొడితే? బంటు c6కి వచ్చి d5 గుర్రాన్ని బెదిరిస్తుంది, నిజమే. కానీ ఇప్పుడు ఎత్తు మనది, గుర్రం చెక్ ఇస్తూ వెళ్ళిపోతుంది.

```
10.Nd5 Bb6 11.Bxc6 bxc6 12.Ne7+ Kh7 13.Nxg6
```

ఇక్కడ 10...Bb6 ఆడినవాడు c7ని కాపాడుకున్నాడు, e7ని మరిచిపోయాడు. తెల్లకి మంత్రి దొరికింది. మిగతా జవాబుల్ని అతనే ఒక్కొక్కటిగా పెట్టి చూశాడు. c6 గుర్రం d4కి గానీ d8కి గానీ కదిలితే e7కి ఉన్న చివరి కాపలా పోతుంది, వెంటనే చెక్. 10...Bd7 వేసి c6లో ఒంటెతోనే తిరిగి కొట్టినా e7కి కాపలా రాదు, ఈసారి రాజూ మంత్రీ c6 ఒంటే మూడూ గుర్రం కింద ఉంటాయి. మంత్రి e6కి వచ్చి e7ని కాపాడితే, గుర్రం c7 బంటుని కొట్టి మంత్రి మీదా a8 ఏనుగు మీదా పడుతుంది. నల్లవాడికి మేలైనది రాజుని h8కో h7కో ముందే జరపడం, లేదా మంత్రిని మరో దిక్కుకి తీసుకెళ్ళడం. అప్పుడు c7 బంటు ఒక్కటి పోతుంది. అంటే ఫోర్క్ బెదిరింపుకి అసలైన ధర ఆ ఒక్క బంటు, మంత్రి మాత్రం ప్రత్యర్థి పొరపడితేనే వస్తుంది. ఇది కూడా పిల్లలకి స్పష్టంగా చెప్పాలి, లేకపోతే మంత్రి రాలేదని నిరుత్సాహపడి గెలిచిన బంటుని కూడా లెక్కచేయరు.

ఒక ఎత్తు వెనక్కి, తొమ్మిదిలోనే Nd5 ఆడితే సరిపోయేది కదా అని అడిగాడు. మంచి ప్రశ్న. అప్పుడు మంత్రి f6లో ఉంది, గుర్రం మంత్రి మీదా c7 మీదా ఒకేసారి పడుతుంది. చూడటానికి అదే పెద్ద ఫోర్క్. కానీ మంత్రి తాపీగా d8కి వెనక్కి వెళుతుంది. తనూ తప్పుకుంటుంది, c7నీ కాపాడుతుంది. ఒకే ఎత్తుతో రెండు పనులూ అయిపోయాయి, ఫోర్క్ ఏమీ గెలవలేదు. g6లో ఉన్న మంత్రికి ఆ d8 ఒక్క ఎత్తులో అందదు. తొమ్మిదికీ పదికీ మధ్య తేడా అంతా అక్కడుంది. బెదిరించిన పావు తప్పుకుంటూనే రెండోదాన్ని కాపాడగలదా అన్న ప్రశ్న ఆ రోజు నుంచి మా చింతగింజల ఆటలో చేరింది.

తర్వాత వచ్చిన ఇబ్బంది

రెండు నెలలకి ఫోర్క్‌లు కనపడసాగాయి, మరీ ఎక్కువగానే. ఇంకో కుర్రాడితో సరదాగా ఆడుతూ ఇలా ఓడిపోయాడు.

```
1.e4 e5 2.Nf3 Nc6 3.Bc4 Nd4 4.Nxe5 Qg5
5.Nxf7 Qxg2 6.Rf1 Qxe4+ 7.Be2 Nf3#
```

అయిదో ఎత్తులో అతని గుర్రం f7లో దిగి g5 మంత్రి మీదా h8 ఏనుగు మీదా పడింది. రంగు సరిపోయింది, దిగిన గడి లెక్కా చూసుకున్నాడు. c4 ఒంటె కాపలా ఉంది కాబట్టి రాజు ఆ గుర్రాన్ని కొట్టలేడు, మంత్రో ఏనుగో తన చేతికి వస్తుందని లెక్కేశాడు. మంత్రి మాత్రం పారిపోతూ g2 బంటుని కొట్టింది, h1 ఏనుగు మీద పడింది, ఆపైన చెక్, ఆపైన గుర్రంతో మాట్. అతను మంత్రి ఎక్కడికి పారిపోతుందని చూశాడు, వెళుతూ ఏమి కొడుతుందని చూడలేదు.

ఇది చిన్నపిల్లలకి పాత ఉచ్చే, ఇతను మొదటిసారి చూశాడు. అందుకని తిట్టలేదు. నియమంలో ఒక మార్పు చేశాం. ఫోర్క్ వెయ్యబోయే ముందు ప్రత్యర్థి మంత్రి మనకి చెక్ ఇచ్చే ఎత్తులూ మన రాజు పక్కన కొట్టే ఎత్తులూ విడిగా చూడాలి. చెక్ ఇస్తూ చేసే ఫోర్క్ అయితే ఈ భయం చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే అవతలివాడు ముందు రాజుని చూసుకోక తప్పదు. పై గేమ్‌లో e7 దెబ్బకి బలం చెక్ నుంచే వచ్చింది, ఈ f7 దెబ్బకి అది లేదు.

ఇప్పుడు

చింతగింజలు నాలుగు వారాల్లో పక్కన పెట్టేశాం. టోర్నీలో అవి బల్ల మీద పెట్టుకోనివ్వరు కదా, మనసులో పెట్టుకోవాలి. మంత్రి కదిలినప్పుడూ, గుర్రం కదిలినప్పుడూ మాత్రమే ఆగి చూడమన్నాను. ఎక్కువ గడులు వదిలేసి వెళ్ళేది మంత్రి. ఒంటరిగా ఏదో ఒక ముఖ్యమైన గడిని కాస్తూ ఉండేది తరచుగా గుర్రం. ఏనుగులు ఓపెనింగ్‌లో పెద్దగా కదలవు, వాటికోసం టైమ్ పెట్టొద్దన్నాను. దీనివల్ల కొన్ని అవకాశాలు తప్పిపోతాయని నాకు తెలుసు, అతనికీ చెప్పాను. టైమ్ అయిపోయి ఓడటంకంటే అది నయం.

పోయిన నెల నల్లపావులతో ఆడిన ఒక గేమ్ తెచ్చి చూపించాడు. తెల్ల మంత్రి d1 నుంచి f3కి వచ్చింది, ఆ తర్వాత a1 ఏనుగు d1కి వచ్చి కూర్చుంది. c2 బంటుకి కాపలా లేదు. ఇతని గుర్రం d4లో దిగి మంత్రి మీదా c2 మీదా పడింది, d4ని కొట్టడానికి తెల్లవాడి దగ్గర ఏమీ లేదు. ఒక బంటు గెలిచి, దాన్నే ఎండ్‌గేమ్ దాకా లాక్కెళ్ళి గెలిచాడు. ఆ ఎత్తుకి స్కోర్‌షీట్ మీద మూడు నిమిషాలు రాసి ఉంది.

అంతసేపు ఏం చూశావురా అని అడిగాను.

"మంత్రి వెనక్కి వెళ్ళి c2ని కాపాడుకుంటుందేమో చూశా సార్. d1లో వాళ్ళ ఏనుగే అడ్డం ఉంది."